కత్తెర పట్టకముందే రాసుకోవాల్సిన కాగితం

పార్లర్‌లో కటింగ్ చేయించుకున్నావిడ కుర్చీలోంచి లేచేటప్పుడు మామూలుగా సంతోషంగానే ఉంటుంది. రౌండ్ బ్రష్‌తో లాగుతూ డ్రయ్యర్ పెట్టి, చివర్లకు కాస్త సీరం రాసి పంపుతారు కాబట్టి ఏ జుట్టయినా ఆ పూటకు తీరుగానే కనబడుతుంది. అసలు సంగతి రెండు మూడు రోజుల తర్వాత, ఇంట్లో తలంటుకుని జుట్టు దానంతట అది ఆరినప్పుడు తెలుస్తుంది. ఒకవైపు పొడుగు, ఇంకోవైపు పొట్టి. గడ్డం దగ్గరికి రావలసిన లేయర్ బుగ్గ మీదే ఆగిపోయి ఉంటుంది. ఫేషియల్‌కైతే అంత సమయం కూడా పట్టదు. మధ్యాహ్నం మెరిసిన ముఖం రాత్రికి ఎర్రబడి మండుతుంది.

అప్పుడు పార్లర్‌కు ఫోన్ చేస్తే ఏం జరుగుతుందో మన ఊళ్ళలో చాలాచోట్ల ఎవరికీ ముందుగా తెలియదు. "ఆ రోజు బాగుందనే కదా మేడమ్ వెళ్ళారు" అంటుంది కౌంటర్ దగ్గరి అమ్మాయి. గట్టిగా మాట్లాడగలిగినవాళ్ళకు డబ్బు వెనక్కి వస్తుంది. మొహమాటపడేవాళ్ళకు ఒకసారి ఉచితంగా ఐబ్రోస్ చేసి పంపుతారు. ఏమీ అనలేనివాళ్ళు మారుమాట్లాడకుండా ఇంకో పార్లర్ వెతుక్కుంటారు. తప్పు ఒకటే అయినా ముగ్గురికీ మూడు రకాల న్యాయం. ఎప్పుడు మళ్ళీ చేసిస్తారు, ఎప్పుడు డబ్బు తిరిగిస్తారు, ఎప్పుడు ఆ రెండూ కుదరవు అన్న సంగతి ముందే రాసిపెట్టి ఉంటే ఈ తేడా ఉండదు. అలా రాసేటప్పుడు కటింగ్‌కూ ఫేషియల్‌కూ ఒకే నియమం పెట్టకూడదు. జుట్టులో కొన్ని తప్పులను మళ్ళీ కత్తిరించి సరిచేయవచ్చు. చర్మం విషయంలో మళ్ళీ చేయడమే అన్నిటికన్నా పెద్ద తప్పవుతుంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బు తీసుకుని చేసే సేవ కాబట్టి పార్లర్ పని కూడా దాని కిందికే వస్తుంది. అన్యాయమైన వ్యాపార పద్ధతులు ఏవేవో ఆ చట్టం వివరించే చోట రెండు సంగతులు పార్లర్లకు సూటిగా వర్తిస్తాయి. మొదటిది, బిల్లు ఇవ్వకపోవడం. రెండోది, లోపమున్న సేవకు తీసుకున్న డబ్బును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా, తిరిగివ్వడానికి ఒప్పుకోకపోవడం. అంటే గడువు ఎంతో బిల్లు మీద రాసుకునే వీలు చట్టమే ఇచ్చింది. చాలామంది ఆ వీలును వాడుకోకుండా "డబ్బు వాపసు ఇవ్వబడదు" అని గోడ మీద ఒక బోర్డు తగిలిస్తున్నారు. ఆ బోర్డు ఉన్నంత మాత్రాన కస్టమర్ హక్కు పోదు.

అయితే చట్టం అడిగేది లోపం ఉందా లేదా అని. నచ్చలేదన్న మాట ఒక్కటే చాలదు. లోపం ఉందని తేల్చాలంటే మొదట అనుకున్నదేమిటో తెలియాలి. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీలోని ఒక ఐదు నక్షత్రాల హోటల్ సెలూన్‌కు వెళ్ళిన ఒకావిడ కేసు దేశమంతా మాట్లాడుకున్నదే. కింది నుంచి నాలుగంగుళాలు తీయమంటే, పైనుంచి నాలుగంగుళాలు మాత్రమే మిగిల్చి కత్తిరించారని ఆవిడ ఫిర్యాదు. 2021 సెప్టెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ ఆవిడకు 2 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, సేవలో లోపం ఉందన్న నిర్ణయం జోలికి పోకుండానే, అంత మొత్తానికి తగిన ఆధారాలు ఎక్కడున్నాయని అడిగి ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి, కేసును మళ్ళీ కమిషన్‌కే పంపింది. ఒక కటింగ్ మీద మొదలైన తగువు ఏళ్ళ తరబడి సాగింది. మన వీధి చివరి పార్లర్‌లో 600 రూపాయల కటింగ్‌కు ఎవరూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళరు. కానీ అక్కడా చివరికి తేలాల్సిన ప్రశ్నలు అవే. ఏమడిగారు? ఏం చేశారు? దానికి రుజువేమిటి?

అందుకే రీడూ, రిఫండ్ నియమాల కాగితం కన్నా ముందు ఇంకో చిన్న చీటీ కావాలి. ఏం చేయాలనుకున్నారో రాసుకునే చీటీ అది. అరచేతిలో పట్టేంత కార్డు చాలు. జుట్టు ఎన్ని అంగుళాలు తీయాలి, పొడి జుట్టు మీద కొలిచారా తడి జుట్టు మీదా, ముందువైపు అన్నిటికన్నా పొట్టి లేయర్ ఎక్కడిదాకా రావాలి, ఫోన్‌లో ఫోటో చూపించారా అన్న నాలుగు సంగతులు అందులో ఉండాలి. "స్టెప్ కట్" అని ఒక్క మాట రాస్తే సరిపోదు. కస్టమర్ మనసులోని స్టెప్ కట్ ఒకటి, కత్తెర పట్టిన అమ్మాయి నేర్చుకున్నది ఇంకొకటి కావచ్చు. "చివర్లు కొంచెం" అన్న మాటకైతే అర్థాలకు లెక్కే లేదు. దువ్వెన జుట్టుకు అడ్డంగా పెట్టి "ఇక్కడిదాకానా అక్కా?" అని అడిగి, ఆ కొలత రాసుకుని, కత్తెర పెట్టకముందు వెనక నుంచీ పక్క నుంచీ ఒక్కో ఫోటో తీసుకుంటే రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ ఫోటో కస్టమర్ ఫోన్‌లోనే తీస్తే ఇంకా మంచిది. తన బొమ్మ బయటికి పోతుందన్న భయం ఆవిడకుండదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిచి చూద్దాం. నడుము దాకా జుట్టున్న ఒక కాలేజీ అమ్మాయి వచ్చిందనుకోండి. జుట్టు కొంచెం అలలు తిరిగి ఉంది. కింద రెండంగుళాలు తీయాలి, ముందు లేయర్ గడ్డం దాకా రావాలి. కటింగ్ 600, హెడ్‌వాష్, బ్లో డ్రై కలిపి 250, మొత్తం 850 రూపాయలు చెల్లించి వెళ్ళింది. మూడో రోజు తలస్నానం చేశాక ఫోన్ చేసి మూడు మాటలు చెప్పింది. ఎడమవైపు కుడివైపు కన్నా పొడుగ్గా ఉంది. ముందు లేయర్ గడ్డం కన్నా అంగుళం పైకి పోయింది. మొత్తం మీద ఈ కట్ నా ముఖానికి నప్పలేదు.

ఇవి ఒకే ఫిర్యాదులా వినిపిస్తాయి గానీ మూడూ వేరు వేరు. మొదటిది కొలత తప్పు. జుట్టు తడిపి, మధ్యపాపిట తీసి, రెండువైపుల ముందు పాయలను ఒకే బిగువుతో గడ్డం కిందికి లాగి పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలిసిపోతుంది. కూర్చున్నప్పుడు కాలు మీద కాలు వేసుకున్నా భుజం ఒరిగి జుట్టు అటూఇటూ అవుతుంది కాబట్టి, చూసేటప్పుడు పాదాలు రెండూ నేల మీద ఆనించి నిటారుగా కూర్చోబెట్టాలి. ఈ తప్పును పావుగంటలో సరిచేయవచ్చు. పొడుగ్గా ఉన్నవైపును పొట్టిగా ఉన్నవైపుకు కలపాలి. ఇది ఉచిత రీడూ. ఇందులో వాదించడానికేమీ లేదు.

రెండోది ఎక్కువైపోయిన కత్తిరింపు. అలల జుట్టు తడిసినప్పుడు సాగుతుంది, ఆరాక పైకి ముడుచుకుంటుంది. తడి మీద సరిగ్గా గడ్డం దగ్గర కత్తిరిస్తే ఆరాక అది గడ్డం దగ్గర ఉండదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు అలాంటి జుట్టుకు ముందువైపు ఒక అంగుళం మిగిల్చి, ఆరబెట్టాక తుది కొలత పెడతారు. ఇక్కడ ఆ పని జరగలేదు. కార్డు మీద "గడ్డం దాకా" అని ఉంది, జుట్టేమో అక్కడ లేదు. దీన్ని ఏ రీడూ సరిచేయలేదు. ఇంకా కత్తిరిస్తే ఇంకా పొట్టి అవుతుంది, అంతే. కాబట్టి కటింగ్ డబ్బు 600 మొత్తం తిరిగివ్వాలి. హెడ్‌వాష్, బ్లో డ్రై డబ్బు ఇవ్వనక్కర్లేదు, ఆ సేవ ఆమెకు సరిగ్గానే అందింది. తల జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. పోయిన అంగుళం తిరిగి రావడానికి రెండు నెలలు పడుతుంది కాబట్టి, అప్పుడొక ట్రిమ్మింగ్ ఉచితంగా చేసి ఆకారం సరిచేస్తామని రాసివ్వడం న్యాయంగా ఉంటుంది.

మూడోది అభిరుచి. అడిగిన కట్టే, అడిగిన కొలతలోనే వచ్చింది, కానీ నప్పలేదు. దీనికి డబ్బు తిరిగివ్వాల్సిన పని లేదు. అలాగని తలుపు మూసేయడమూ సరికాదు. ఉన్న పొడవులో మార్చగలిగింది ఏదైనా ఉంటే, పాపిట మార్చడమో, చివర్లు పలుచన చేయడమో, ఒకసారికి డబ్బు తీసుకోకుండా చేయవచ్చు. ఒకసారికి అన్న మాట కాగితంలో తప్పకుండా ఉండాలి. లేకపోతే అదే మనిషి అదే కట్‌కు మూడు సార్లు వస్తుంది, జుట్టు తరుగుతూ పోతుంది.

గడువు ఎంత ఉండాలి? నాకైతే ఏడు రోజులు సరైనదనిపిస్తుంది. ఇంట్లో కనీసం ఒక తలస్నానమైనా అయ్యేదాకా అసలు రూపం బయటపడదు కాబట్టి 24 గంటల గడువు పెడితే అది పేరుకే గడువు. మరీ నెల రోజులిస్తే ఈలోగా జుట్టు అరంగుళం పెరుగుతుంది, ఎవరైనా ఇంట్లో కత్తెర పెట్టి ఉండవచ్చు, ఏది ఎవరి తప్పో చెప్పలేం. మధ్యలో ఇంకో పార్లర్‌లో సరిచేయించుకుని వస్తే రీడూ అడగడానికి అక్కడేమీ మిగలదు. ఆ సంగతీ రాసి ఉంచాలి.

ఫేషియల్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్కలేవీ పనిచేయవు. నచ్చలేదంటే "రేపు రండి అక్కా, ఫ్రీగా ఇంకో ఫేషియల్ చేస్తాం" అనే అలవాటు మన పార్లర్లలో బాగా ఉంది. అది మంచి మనసుతో అన్న మాటే కావచ్చు, కానీ ప్రమాదకరం. ఫేషియల్ అంటే స్క్రబ్‌తో చర్మం పైపొరను రుద్దడం, ఆవిరి పట్టడం, బ్లాక్‌హెడ్స్ తీయడం, మసాజ్, ప్యాక్. దానికి ముందు బ్లీచో డీ-ట్యానో కూడా పెడితే రసాయనం తోడవుతుంది. చర్మం పైపొర తిరిగి కుదురుకోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. ఎర్రబడి మండుతున్న ముఖాన్ని మర్నాడే మళ్ళీ రుద్దితే మంట పుండుగా మారవచ్చు. మన చామనఛాయ చర్మంలో మంట తగ్గినచోట నల్లమచ్చ మిగిలిపోయే స్వభావం ఎక్కువ. ఆ మచ్చ పోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఫేషియల్‌కు సంబంధించిన మొదటి వాక్యం ఇలా ఉండాలి: చర్మానికి ఇబ్బంది కలిగిన చోట రీడూ ఉండదు.

మరి ఇబ్బంది ఏది, మామూలు ఏది? ఫేషియల్ అయ్యాక కొద్దిగా ఎర్రబడటం, బ్లాక్‌హెడ్స్ తీసిన చోట ముక్కు పక్కన నొక్కితే నొప్పి ఉండటం మామూలే. కొన్ని గంటల్లో, మహా అయితే మర్నాటికి తగ్గుతుంది. మంట పెరుగుతూ పోయినా, కళ్ళ చుట్టూ వాచినా, నీటిపొక్కులు వచ్చినా, దురదతో దద్దుర్లు లేచినా, 24 గంటలు దాటినా ఎరుపు తగ్గకపోయినా అది మామూలు కాదు. అప్పుడు పార్లర్ చేయాల్సింది చల్లని నీళ్ళతో కడుక్కోమని, ఇంకేమీ రాయవద్దని చెప్పి చర్మవైద్యుల దగ్గరికి పంపడం. ఫేషియల్ డబ్బు మొత్తం తిరిగివ్వడం, మొదటిసారి డాక్టర్ ఫీజు భరించడం కాగితంలో ఉండాలని నేను గట్టిగా అంటాను. ఏ కిట్ వాడారో, ఏ బ్లీచ్ పెట్టారో ఆ ప్యాకెట్ ఫోటో కస్టమర్‌కు పంపాలి. అందులో ఏముందో తెలిస్తే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది. తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయపడి ఆ వివరం దాచే పార్లర్లున్నాయి. దాచినందువల్ల ముఖానికి జరిగే నష్టం పెరుగుతుంది, తర్వాత కమిషన్ ముందు నిలబడాల్సి వస్తే ఆ దాచడమే ఎదురు తిరుగుతుంది.

ఇందులో కస్టమర్ బాధ్యత కూడా కొంత ఉంది. మొటిమలకు రాత్రిపూట రాసుకునే ట్రెటినాయిన్, అడాపలిన్ లాంటి క్రీములు వాడేవారి చర్మం పైపొర పలుచబడి ఉంటుంది. తెల్లబడతామని డాక్టర్ చీటీ లేకుండా మెడికల్ షాపులో కొని నెలల తరబడి రాసుకునే స్టెరాయిడ్ క్రీముల వల్ల జరిగే హాని ఇంకా ఎక్కువ. అలాంటి ముఖం మీద బ్లీచ్ పెడితే ఎంత చెయ్యి తిరిగిన బ్యూటీషియన్ చేసినా మండుతుంది. అందుకని ఫేషియల్ కార్డు మీద అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఈ నెలలో ముఖానికి ఏ క్రీములు రాశారు? ఇంతకుముందు ఏ బ్లీచైనా పడలేదా? ఈ వారంలో పై పెదవి, ముఖం వ్యాక్సింగ్ చేయించారా? పార్లర్ ఈ ప్రశ్నలు అడగకపోతే తర్వాత వచ్చిన ఇబ్బందికి బాధ్యత పార్లర్‌దే. అడిగినప్పుడు కస్టమర్ "ఏమీ వాడట్లేదు" అని సంతకం చేసి, తర్వాత క్రీమ్ సంగతి బయటపడితే రిఫండ్ అడగడం కష్టం. బ్లీచ్‌కైతే చెవి వెనక కొద్దిగా రాసి 24 గంటలు ఆగి చూసే ప్యాచ్ టెస్ట్ ఉంది. పెళ్ళి రేపు పెట్టుకుని ఈరోజు వచ్చినవారు "అంత టైమ్ లేదు, కానివ్వండి" అంటారు. అప్పుడు బ్లీచ్ చేయననడమే సరైన నియమం. డబ్బు పోయినా సరే.

ఇక "గ్లో రాలేదు" అనే ఫిర్యాదు. గోల్డ్ ఫేషియల్‌కు 1,500 ఇచ్చాను, తేడా ఏమీ కనబడలేదు అంటారు. దీన్ని ఏ కొలబద్దతో తేలుస్తాం? ముఖం మెరుపు నిద్రను బట్టీ, గదిలోని లైటును బట్టీ మారుతుంది. అందుకే ఫేషియల్‌లో ఫలితానికి మాట ఇవ్వకూడదు, చేసే పనికే మాట ఇవ్వాలి. ఏ కంపెనీ కిట్, అందులో ఎన్ని అంచెలు, మొత్తం ఎన్ని నిమిషాలు అన్నది రాయాలి. ఒక్కసారికి సరిపోయే ప్యాకెట్లను కస్టమర్ కళ్ళ ముందే కత్తిరించి, ఖాళీ కవర్లు చివర్లో చూపించాలి. ఒక అంచె వదిలేసినా, గంట ఫేషియల్‌ను అరగంటలో ముగించినా, చెప్పిన కిట్‌కు బదులు డబ్బాలోంచి తీసిన వేరే క్రీమ్ వాడినా ఆవిడకు డబ్బు తిరిగి అడిగే హక్కుంది. అవన్నీ సరిగ్గా జరిగితే, గ్లో తక్కువైందన్న కారణంతో లేదు.

ఇదంతా బిల్లు వెనక అచ్చు వేయడానికి పెద్ద కాగితమేమీ అక్కర్లేదు. ఒక పార్లర్ ఇలా రాసుకోవచ్చు:

"కటింగ్ కార్డు మీద రాసిన కొలతకు తేడాగా ఉంటే 7 రోజుల్లోగా చెప్పండి. సరిచేయగలిగితే ఒకసారి ఉచితంగా సరిచేస్తాం. రాసినదానికన్నా పొట్టిగా కత్తిరించి ఉంటే కటింగ్ డబ్బు పూర్తిగా తిరిగిస్తాం. కొలత సరిగ్గా ఉండి, కట్ నచ్చకపోతే ఒకసారి చిన్న మార్పు ఉచితం, డబ్బు వాపసు ఉండదు. ఫేషియల్ తర్వాత ఇబ్బంది అనిపిస్తే 48 గంటల్లోగా ఫోటోతో తెలియజేయండి. మంట, వాపు, పొక్కులు ఉంటే మళ్ళీ ఫేషియల్ చేయము. డబ్బు తిరిగిచ్చి, మొదటి డాక్టర్ ఫీజు మేమే కడతాం. మీరు కట్టిన మొత్తమే, కట్టిన దారిలోనే, 7 రోజుల్లో తిరిగి వస్తుంది. కూపన్ తీసుకోవాలా డబ్బు తీసుకోవాలా అన్నది మీ ఇష్టం."

ఇందులో "కట్టిన మొత్తమే" అన్న మాట చిన్నదిగా కనబడుతుంది గానీ తగువులు అక్కడే వస్తాయి. 1,500 ఫేషియల్‌ను పండగ ఆఫర్‌లో 999కి చేయించుకుంటే తిరిగి వచ్చేది 999. జీఎస్టీ వసూలు చేసిన చోట ఆ పన్నుతో కలిపే తిరిగివ్వాలి. ప్యాకేజీలో ఆరు ఫేషియల్స్ కొని, రెండోదాంట్లో ముఖం మండితే మిగిలిన నాలుగింటి డబ్బు కూడా రావాలి. మండిన ముఖానికి అవే చేయించుకోమనడం కుదరదు కదా. 48 గంటలు దాటాక చెప్పారన్న ఒక్క కారణంతో చర్మం కాలిన మనిషిని పంపేయడానికి కూడా వీల్లేదు. ఆ గడువు ఫిర్యాదు త్వరగా చేరడానికి పెట్టుకున్నది. చట్టం ప్రకారం వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి రెండేళ్ళ సమయం ఉంటుంది, పార్లర్ రాసుకున్న ఏ గడువూ దాన్ని తగ్గించలేదు. "ఏం జరిగినా మా బాధ్యత లేదు" అని సంతకం పెట్టించుకున్నా అంతే.

పార్లర్ లోపలి సంగతి ఒకటి బయటివాళ్ళకు కనబడదు. చాలాచోట్ల పనిచేసే అమ్మాయిలకు జీతం తక్కువ, చేసిన పనిని బట్టి ఇన్సెంటివ్ ఎక్కువ. రీడూ అయితే ఆ గంటకు ఇన్సెంటివ్ రాదు. రిఫండ్ అయితే ఆ డబ్బు ఆమె జీతంలోంచి కోసే యజమానులూ ఉన్నారు. అలాంటి చోట ఎంత మంచి నియమం రాసినా పనిచేయదు. ఫిర్యాదు వచ్చిన అమ్మాయి కస్టమర్‌ను పక్కకు పిలిచి "మేడమ్‌కు చెప్పొద్దక్కా, నేనే చూసుకుంటా" అంటుంది. తన చేతి నుంచి డబ్బిచ్చో, ఉచితంగా ఇంకేదో చేసో సర్దేస్తుంది. యజమానురాలికి తప్పు జరిగిందనే తెలియదు. కాబట్టి రీడూ సమయానికీ సగమైనా ఇన్సెంటివ్ ఇవ్వాలి, రిఫండ్ పార్లర్ ఖాతాలోంచే పోవాలి, నిర్ణయం కౌంటర్ దగ్గర కాకుండా యజమానురాలో సీనియరో తీసుకోవాలి. రీడూ చేసేది మొదట కత్తిరించిన అమ్మాయా, ఇంకొకరా అన్నది కస్టమర్‌నే అడగాలి. నమ్మకం పోయిన చేతికి తల అప్పగించమని ఎవరినీ బలవంతం చేయలేం.

ప్రతి రీడూనూ ఒక నోటు పుస్తకంలో తేదీ, కార్డు, తప్పేమిటి, ఎంత తిరిగిచ్చారు అని రాసుకునే పార్లర్‌కు రెండు మూడు నెలల్లో ఒక సంగతి కనబడుతుంది. అలల జుట్టువాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తున్నారంటే తడి మీద కొలిచే పద్ధతి మార్చుకోవాలి. ఒకే కిట్ మీద మంట ఫిర్యాదులు రెండు వస్తే ఆ కిట్ తెప్పించడం ఆపాలి.

మీరు వెళ్ళే పార్లర్‌లో ఇలాంటి కాగితమేదీ లేకపోతే అనుకున్న కొలతను వాట్సాప్‌లో ఒక మాటగా పంపించి "అలాగే అక్కా" అన్న జవాబు తీసుకుని కూర్చోండి. 200 రూపాయల పనికైనా బిల్లు అడగండి. ఇబ్బంది వస్తే అదే రోజు, పగటి వెలుతురులో, ముఖానికి ఏమీ రాసుకోకుండా ఫోటో తీసి పంపండి. వాళ్ళు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు చెల్లించిన సేవలకు అక్కడ ఫిర్యాదు రుసుము లేదు, లాయర్‌ను పెట్టుకోవాలన్న నియమమూ లేదు. బిల్లు, ఆ వాట్సాప్ మాట, ఫోటో, డాక్టర్ చీటీ ఉంటే మీ కేసు మీరే చెప్పుకోవచ్చు.